పెయ్యను అమ్మి కట్టిన పెన్షన్

ముసలితనం గురించి ఉపన్యాసాలు ఇచ్చే మగవాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వాళ్ళ మాటల్లో అరవై ఏళ్ళ వయసు ఉంటుంది కానీ వచ్చే నెల ఉండదు. మా ఇంట్లో అలాంటివాళ్ళు ఇద్దరు ఉండేవారు. ఒకరు మా మామ, ఇంకొకరు ఆయన కన్న నా మొగుడు. మూడోవాడు బయటివాడు, చేతిలో చిన్న మిషను పట్టుకుని తిరిగే బ్యాంకు ఏజెంటు. ముగ్గురూ కలిసి నా పెయ్యను మింగారు. తలూపింది మాత్రం నేనే. తిట్లలో నా వాటా నాకు ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

నేను పుట్టింది నంగలి పక్కన ఒక పల్లెలో. రాగి చేను, రెండు ఆవులు, ఒక పట్టుపురుగుల షెడ్డు, అంతే మా ఆస్తి. మెట్టినిల్లు బంగారు గనుల ఊర్లో, లైన్లు అని పిలిచే కంపెనీ కూలీల వరస ఇళ్ళలో. నా పెళ్ళినాటికే గని మూతపడి చాలా ఏళ్ళు అయింది. మామ గనిలో భూమి కింద పనిచేసి సెటిల్‌మెంట్ తీసుకున్న మనిషి. నా మొగుడికి గని లేదు, అందుకని కోలారు టమాటా మార్కెట్‌లో లోడింగ్ పనికి చేరాడు. మేము కోలారు పక్కనే తమకలో ఒక గది బాడుగకు తీసుకుని ఉండేవాళ్ళం. పొద్దున్నే మార్కెట్‌కు వెళ్ళి, నిండిన టమాటా క్రేట్లను భుజాన వేసుకుని లారీలకు ఎక్కించడం అతని పని. క్రేటుకు ఇంత అని కూలి. కాయ బాగా వచ్చే నెలల్లో రోజుకు ఎనిమిది వందలు తెచ్చిన రోజులు ఉన్నాయి. కాయ లేని నెలల్లో వారంలో మూడు రోజులు టీ తాగి ఇంటికి వచ్చేవాడు. ధర పడిపోతే రైతులు టమాటాను రోడ్డు మీదే పారబోసేవారు. అప్పుడు లారీ ఉండదు, క్రేటు ఉండదు, కూలి ఉండదు.

నా పెళ్ళిలో మా అమ్మ నాకు ఒక పెయ్యను ఇచ్చింది. తమకలో ఆవును ఎక్కడ కట్టేస్తాం? అందుకని అది మా అన్న కొట్టంలోనే ఉండిపోయింది. మేత వాడిది కాబట్టి ఆవూ పాలూ వాడివే, ఈనిన ఆడదూడలు మాత్రం నావి. మొదటి పెయ్య ఆవైంది, దానికి పుట్టిన పెయ్య నా పేరు మీద పెరిగింది. అలా నా వంతుకు వచ్చే పెయ్యను మా అమ్మ జబ్బు పెయ్య అనేది. "దీన్ని పండక్కి అమ్మగూడదు, చీరకు అమ్మగూడదు, మొగుడు అడిగినా అమ్మగూడదు. ఇంట్లో ఎవరన్నా మంచాన పడితేనే తాడు ఇప్పల్ల" అని చెప్పి పంపింది. అమ్మకు అక్షరం ముక్క రాదు. బ్యాంకు మెట్లు ఎక్కకుండానే చచ్చిపోయింది. ఆ ముగ్గురు మగవాళ్ళ బుర్రలూ కలిపితే ఆవిడ కాలిగోటికి చాలవు.

మామ బుర్ర సంగతి చెప్పాలి. ఆయన ముప్పై ఏళ్ళ పైన పని చేశాడు. జీతంలోంచి పీఎఫ్ పట్టుకునేవారు, చేతికి రాకముందే. ఆ డబ్బు ఆయన కంటికి కనపడలేదు కాబట్టి తాగలేదు, తినలేదు, చివరికి గంపగుత్తగా వచ్చింది. దాంతో ఒక కూతురి పెళ్ళి చేశాడు, మిగిలింది బ్యాంకులో వేసుకున్నాడు. నెలనెలా చిన్న పెన్షన్ కూడా వచ్చేది. అందుకని ఆయన లోకంలో తెలివంటే ఒక్కటే, ముసలితనానికి ముందుగా కోసి పక్కన పెట్టడం. ఇంకేదైనా ఆడవాళ్ళ చిల్లర వ్యవహారం. నేను గోధుమపిండి డబ్బాలో వంద, యాభై దాచుకుంటే చూసి నవ్వేవాడు.

"డబ్బాలో పెట్టిన డబ్బు డబ్బేనా అమ్మాయ్? ఆకలైతే చెయ్యి యాడికి పోతాదో నాకు తెలీదా? కట్ అయిపోవల్ల. చేతికి రాకముందే కట్ అయిపోవల్ల. అది సేవింగు" అనేవాడు.

కొడుకు పక్కన కూర్చుని తల ఆడించేవాడు. గంగిరెద్దు కూడా అంత బాగా ఆడించదు.

ఒక మధ్యాహ్నం మామ మా గదికి వచ్చి ఉండగా, నా మొగుడు ఆ బ్యాంకు ఏజెంటును వెంటబెట్టుకుని వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. సర్కారు పెన్షన్ పథకం అని కాగితం పరిచాడు. నెలనెలా ఖాతాలోంచి దానంతట అదే కట్ అవుతుంది, అరవై నిండాక బతికినన్నాళ్ళూ పెన్షన్ వస్తుంది. నెలకు వెయ్యి కావాలా, రెండు వేలా, ఐదు వేలా, మనమే ఎంచుకోవచ్చు. నా మొగుడికి అప్పుడు ముప్పై అయిదు. ఐదు వేల పెన్షన్‌కు నెలకు తొమ్మిది వందల రెండు రూపాయలు కట్టాలని చెప్పాడు.

"మధ్యలో కావల్సొస్తే?" అని అడిగాను.

"మధ్యలో ఎందుకమ్మా తీస్తారు? ఇది తీసేదానికి కాదు, ముసలితనానికి" అన్నాడు ఏజెంటు.

"కూలి లేని నెల వస్తే యాడ నుంచి కట్టేది?"

"ఖాతాలో ఉంచుకోవల్ల గదమ్మా. లేదంటే కొంచెం ఫైను పడతాది, అంతే. ఇప్పుడు కష్టపడండి, అరవైలో రాజా మాదిరి కూర్చుంటారు."

ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగురుతానందట. ఆ నెల బాడుగే ఇంకా బాకీ ఉంది, మేము అరవై ఏళ్ళకు రాజుగారి కుర్చీ కొలతలు తీసుకుంటున్నాం. ఆ మాటే అన్నాను. వెయ్యి రూపాయల పెన్షన్ తీసుకుంటే నెలకు నూట ఎనభై చిల్లర కట్టేస్తే సరిపోతుంది కదా, మిగిలింది డబ్బాలో ఉంచుదాం అన్నాను. మామకు కోపం వచ్చింది.

"వెయ్యి రూపాయలు ఇంగ ఇరవై ఐదేండ్లకు టీలకు కూడా చాలదు. చేస్తే గట్టిగా చేయల్ల. లేదంటే ఊరుకోవల్ల" అన్నాడు. తర్వాత కొడుకు వైపు తిరిగి, "నంగలిలో ఆ పెయ్య ఊరికే పడుండాది కదా నాయనా" అన్నాడు.

అదీ ఆయన లెక్క. పెయ్యను అమ్మి ఆ డబ్బు ఖాతాలో వేస్తే ఏడాదికి పైగా ఒక్క నెల కూడా తప్పకుండా కట్ అవుతుంది. ఆ లోపల మార్కెట్ సీజన్ వస్తుంది, మళ్ళీ నింపుకోవచ్చు. వినడానికి ఎంత బాగుంది! ఊరికే పడి ఉందట పెయ్య. మేత మేస్తూ, పెరుగుతూ, రేపు ఈనడానికి సిద్ధంగా ఉన్న జీవం ఊరికే పడి ఉంది, కంటికి కనపడని పెన్షన్ మాత్రం పనిచేస్తోంది.

నేను రెండు రోజులు ఒప్పుకోలేదు. మూడో రోజు నా మొగుడు అన్నం కలుపుతూ అన్నాడు. "మా నాయనకు కడాన ఎవరి ముందరా చెయ్యి చాచే గతి పట్టలేదు. నాకూ అట్ల ఉండల్లని ఆశ. తప్పా?" అన్నాడు. ఆ గొంతు విని మెత్తబడ్డాను. మా అన్నకు ఫోన్ చేసి అమ్మేయమన్నాను. ఇది నా వాటా తిట్టు. అమ్మ మొగుడు అడిగినా అమ్మగూడదు అని విడిగా చెప్పి మరీ పంపితే, మొగుడు అన్నం ముందు కూర్చుని అడిగాడని అమ్మిన మొద్దును నేను.

పెయ్యకు పదిహేను వేలు వచ్చాయి. నా మొగుడి ఖాతా నంబరు రాసిస్తే అన్న దాన్లో వేశాడు. తర్వాత నెలనెలా ఫోన్ టింగుమనేది, తొమ్మిది వందల రెండు కట్ అయిందని మెసేజ్ వచ్చేది. నా మొగుడు దాన్ని నాకు చూపించేవాడు, పిల్లాడు పరీక్షలో మార్కులు చూపించినట్టు. మామకు ఫోన్ చేసి చెప్పేవాడు. ఆయన అక్కడ లైన్లలో అందరికీ చెప్పుకునేవాడు, నా కొడుక్కీ కట్ అవుతోందని. కట్ అవడం అంటే వాళ్ళకు గౌరవం. కూలివాడు కాదు, సర్వీసులో ఉన్నవాడు అన్నట్టు.

ఏడాది బాగానే గడిచింది. ఖాతాలో మిగిలిన చిల్లర పాప స్కూలుకు, ఒక పెళ్ళి చదివింపులకు పోయింది. సీజన్‌లో నింపుతామన్నది నింపలేదు, ఎందుకంటే ఆ ఏడు ధర కిలో మూడు రూపాయలకు పడింది, సగం కాయ తోటల్లోనే కుళ్ళింది. నా డబ్బా ఎప్పుడో ఖాళీ. డబ్బాలో పడాల్సిందంతా ఖాతాలో పడాలని ఆర్డరు కదా! తర్వాత నాలుగు నెలలు ఫోన్ టింగుమంది కానీ, డబ్బు చాలక కట్ కాలేదని. నా మొగుడు ఆ మెసేజ్‌లు నాకు చూపించలేదు. నాయనకు కూడా చెప్పలేదు.

ఆ నాలుగో నెలలోనే లారీ మీద పేర్చిన క్రేట్ల వరస జారి అతని మీద పడింది. కుడి భుజం దగ్గర ఎముక విరిగింది. కోలారు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. రేషన్ కార్డు చూపించాం, ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు, మా దగ్గర పైసా అడగలేదు. అన్నీ తిట్టేదాన్నే అయినా ఆ డాక్టరును తిట్టను. ఆయన ఎక్స్‌రే చూపించి నెమ్మదిగా చెప్పాడు. "ఆరు వారాలు చెయ్యి పట్టీలోనే ఉండల్లమ్మా. మూడు నెలలు బరువు మొయ్యగూడదు. ఆగితే మళ్ళా మామూలుగా మోస్తాడు. ముందరే మోస్తే ప్లేటు కదులుతాది, అప్పుడు ఈ చెయ్యి పైకి లేచేది నేను గ్యారంటీ ఇయ్యలేను."

ఇంతే సంగతి. మూడు నెలలు ఆగితే చెయ్యి ఉంటుంది. ఆపరేషన్ ఉచితం, మందుల్లో ముప్పాతిక ఉచితం. కానీ ఆగడం ఉచితం కాదు. బాడుగ రెండు వేలు, బియ్యం, పప్పు, గ్యాసు, పాప బస్సు, ఆసుపత్రికి ఆటో. ఏ కార్డు చూపిస్తే ఇంట్లో కూర్చున్న మనిషికి కూలి ఇస్తారు? మేస్త్రీ రెండు వేలు చేతిలో పెట్టి, ఇది కూలిలో పట్టుకుంటానన్నాడు. నేను నాలుగు ఇళ్ళల్లో అంట్లు తోమడానికి కుదిరాను, జీతం నెల నిండాకే. చెవి కమ్మలు తాకట్టు పెట్టాను. మూడు వారాలు నెట్టుకొచ్చాం.

నాలుగో వారంలో అన్నకు ఫోన్ చేశాను. వాడింట్లో పట్టుపురుగులు ఆఖరి మేతలో ఉన్నాయి, గంట కూడా ఇల్లు వదిలే పని కాదు. "నేను రాలేనమ్మా, పొద్దున్నే నాలుగు వేలు ఖాతాలో వేస్తా, తీసుకో" అన్నాడు. వాడి దగ్గర ఉన్న నంబరు ఒక్కటే, పెయ్య అమ్మినప్పుడు మేము రాసిచ్చినది. నాకు వేరే ఖాతా లేదు. నాలుగు వేలంటే రెండు నెలల బాడుగ. లేదా బాడుగ ఒక నెల, గింజలు ఒక నెల. ఆ రాత్రి ఇలా కూడుతూ తీస్తూ నిశ్చింతగా పడుకున్నాను.

మధ్యాహ్నం అన్న వేశానని ఫోన్ చేశాడు. మరునాడు నేను పని ముగించుకుని, నా మొగుడి పాస్‌బుక్ పట్టుకుని బ్యాంకుకు వెళ్ళాను. ఖాతాలో మూడు వందల డెబ్బై చిల్లర ఉంది.

దొంగతనం అనుకున్నాను. కేకలు వేశాను. లోపలి నుంచి ఒక అమ్మాయి వచ్చి పాస్‌బుక్ ప్రింటు కొట్టి చూపించింది. నాలుగు నెలల బాకీ పెన్షన్ వాయిదాలు, పైన నెలకు అయిదు రూపాయల లెక్కన ఫైను. డబ్బు పడగానే మిషను దానంతట అదే పట్టేసుకుంది. దొంగతనం కాదు, మేము సంతకం పెట్టిందే. అన్న పురుగుల మేతకు దాచుకున్న డబ్బు, నా మొగుడి అరవయ్యో ఏటికి వెళ్ళిపోయింది. అతనికి అప్పుడు ముప్పై ఏడు.

"వెనక్కి ఇయ్యండమ్మా, మనిషి మంచాన ఉండాడు" అన్నాను.

"అట్ల వెనక్కి రాదమ్మా. మొత్తం పథకం మూసేసుకోవచ్చు, ఫారం ఇచ్చినంక కొన్ని వారాలు పడతాది" అంది ఆ అమ్మాయి. మంచి పిల్ల. ఆవిడ చేతుల్లో ఏమీ లేదు.

ఏజెంటు మార్కెట్ దగ్గర టీ అంగట్లో దొరికాడు. నన్ను చూసి నవ్వాడు. జరిగింది చెప్పాను.

"చూసినారా, బాకీ అంతా తీరిపోయె! ఇంగ ఖాతా రెగ్యులర్ అయిపోయింది, మంచిదే కదమ్మా" అన్నాడు.

మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె. అతని టీ గ్లాసు లాక్కుని నేల మీద పోశాను. అంత మించి ఏమీ చేయలేకపోయాను, దానికి ఈనాటికీ బాధగా ఉంది. కొన్ని వారాలు ఆగే తీరిక మాకు లేదు. ఇంటివాడు సామాను బయట పెడతానన్నాడు.

అయిదో వారం నిండిన రోజు నా మొగుడు పట్టీ విప్పి మేకుకు తగిలించాడు.

"వద్దయ్యా, డాక్టరు ఏమన్నాడు నీకు గుర్తుండాదా?" అన్నాను.

"ఎడమ భుజం మీద మోస్తా, కుడి చెయ్యి ఊరికే పట్టుకుంటాది" అన్నాడు.

"ఇంగ రెండు వారాలు ఆగు. నేను ఎవరి కాళ్ళన్నా పట్టుకుంటా."

"ఎవరి కాళ్ళు? చెప్పు, ఎవరివి మిగిలినాయి?" అన్నాడు. సద్ది కట్టి ఇచ్చాను. ఇది కూడా నా వాటాలోకే రాసుకోండి.

ఎనిమిది రోజులు మోశాడు. తొమ్మిదో రోజు క్రేటు జారబోతే కుడి చేత్తో ఆపాడు. లోపల ప్లేటు ఊడింది. రెండో ఆపరేషన్ చేశారు, అదీ ఉచితమే. చెయ్యి రొమ్ము దాటి పైకి లేవలేదు, ఇప్పటికీ లేవదు.

మామ చూడటానికి వచ్చాడు. అరటిపండ్లు తెచ్చాడు. కొడుకు పక్కన కూర్చుని ఒక పండు ఒలిచి ఇచ్చాడు. తర్వాత, "మా కాలంలో నాకూ ఒకసారి లోపల రాయి పడి కాలు విరిగింది. నాలుగు నెలలు పండుకున్నా. ఏమైంది నాకు? ఓపిక ఉండల్ల. వీడు ఆగల్సింది" అన్నాడు.

అప్పుడు నాకు వెలిగింది. ఇన్నాళ్ళూ ఎందుకు వెలగలేదో అని నన్ను నేనే కొట్టుకోవాలనిపించింది.

"ఆ నాలుగు నెలలు నీకు అన్నం ఎవరు పెట్టినారు మామా?"

"ఎవరు పెట్టేదేంది, కంపెనీ జీతం ఇచ్చింది."

"ఆసుపత్రి?"

"కంపెనీదే."

"ఇల్లు?"

"కంపెనీ లైన్లలోనే కదా ఉండేది. ఏందమ్మా ఈ అడుగుడు?"

"నువ్వు పీఎఫ్ ఒక్కటే దాచినావు, ఎందుకంటే జబ్బుకు దాచుకునే పని నీకు లేకపోయె. దాన్ని కంపెనీ దాచింది. నువ్వు అది చూడలేదు. చూడకుండా నీ కొడుక్కి సగం నేర్పించినావు. వీనికి కంపెనీ యాడుండాది? వీని కంపెనీ నా పెయ్య. దాన్ని అమ్మించినావు" అన్నాను.

కాలు విరిగినా బెదరని మనిషి అరటిపండ్ల సంచి మడత పెడుతూ కూర్చున్నాడు. జాలి పడాల్సింది, పడలేదు. ఆ లైన్లలో ఆయన లాంటివాళ్ళు ఇంటికొకరు ఉన్నారు. గని పోయాక కూడా గనివాళ్ళలాగే పొదుపు చేసే మహానుభావులు. కింద నేల లేదని చూసుకోకుండా మిద్దె మీద మిద్దె కడతారు.

ముసలితనం నాకు అక్కర్లేదని కాదు. ఇప్పుడు నా పేరు మీద ఖాతా ఉంది, పెన్షన్ కూడా ఉంది. కానీ ముందు డబ్బా నింపాను. మూడు నెలల బాడుగ, మూడు నెలల గింజల డబ్బు, అది నిండడానికి అయిదేళ్ళు పట్టింది. సీజన్‌లో ఎక్కువ వేశాను, కాయ లేని నెలల్లో వేయలేదు, ఎవరూ ఫైను వేయలేదు. డబ్బా నిండాకే, నలభై దాటితే చేర్చుకోరని తెలిసి, ముప్పై తొమ్మిదో ఏట వెయ్యి రూపాయల పెన్షన్‌కు చేరాను. నెలకు రెండు వందల అరవై నాలుగు. ముందే చేరి ఉంటే తక్కువ పడేది, నిజమే. ఆ తేడాను సంతోషంగా కడుతున్నాను. డబ్బా ఉన్న ఖాతా వేరు, పెన్షన్ కట్ అయ్యే ఖాతా వేరు. ఆ రెంటినీ కలపమని ఎవరైనా ఇస్త్రీ చొక్కావాడు వస్తే వాడికి టీ కూడా ఇవ్వను.

నా మొగుడి పెన్షన్ మాత్రం ఆ రెండో ఆపరేషన్ అయిన కొన్ని నెలలకే మూసేశాం. భుజం లేని హమాలీ నెలనెలా తొమ్మిది వందలు ఎక్కడి నుంచి తెస్తాడు? అప్పటికి ఒక కల్యాణ మంటపంలో వాచ్‌మన్‌గా కుదిరాడు, పెళ్ళిళ్ళు ఉన్న నెలల్లోనే జీతం. ఇద్దరం బ్యాంకుకు వెళ్ళాం. ఫారం నింపింది ఆ మంచి పిల్లే. ఇంతవరకు కట్టింది, దాని మీద వచ్చిన కొంచెం, ఖర్చులు పట్టుకుని ఇస్తారని చెప్పింది. లెక్క వేస్తే పెయ్య ధర కంటే కొంచెం ఎక్కువ. అప్పటికి మా ఊర్లో పెయ్య ధర ఇరవై రెండు వేలు దాటింది.

"ఇక్కడ సంతకం పెట్టండి సార్" అని ఫారం కౌంటరు మీద పెట్టింది.

ఆ కౌంటరు ఎత్తు. మామూలు మనుషులకు రొమ్ము దాకా వస్తుంది. నా మొగుడు పెన్ను పట్టుకుని చెయ్యి ఎత్తాడు, అంచు దాకా వచ్చి ఆగిపోయింది. మళ్ళీ ఎత్తాడు. వెనక లైనులో ఉన్నవాళ్ళు చూస్తున్నారు. వాళ్ళను చూసి అతను నవ్వబోయాడు.

నేను అతని మోచేయి కింద చెయ్యి పెట్టి, పైకి లేపి, ఫారం మీద పెట్టాను. సంతకం అయ్యేదాకా అలాగే పట్టుకున్నాను.